లెటర్‌లో ‘అంకుల్’ అని ఉంది, చిన్నాన్న అని రాసి తిట్లు తిన్నాను

గడియారంసెంటర్ (నల్గొండ)

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మాకు జిరాక్స్, నెట్ షాపు ఉంది. ఇంగ్లీషు కాగితాలు తెలుగులోకి రాసివ్వడం కూడా చేస్తాను, పేజీకి వంద. పోయిన వారం దేవరకొండ వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి ఫోన్‌లో ఈమెయిల్ చూపించాడు. అమెరికాలో పుట్టి పెరిగిన ఆడపిల్ల రాసింది. వాళ్ల నాన్న లేడు. ఊళ్లో తాత పేరు మీద ఉన్న భూమి పంచుకోవడానికి పెద్దమనుషులు కూర్చుంటున్నారట. ఆ పిల్ల రాలేదు కాబట్టి తన మాటగా దీన్ని చదివి వినిపించాలి.

లెటర్ చిన్నదే. ముఖ్యమైనవి మూడు వాక్యాలు.

తాత భూమి 3 ఎకరాల 30 గుంటలు ఇన్నాళ్లూ అంకుల్ సాగు చేసుకున్నారు, దానికి నాకు అభ్యంతరం లేదు. నాన్న వాటా, అంకుల్ వాటా, ఆంటీ వాటా మూడూ సమానంగా ఉండాలి. పాత పాస్‌బుక్ అంకుల్ దగ్గరుంది, ఆయనను అడిగి తీసుకోండి.

నేను అంతటా ‘చిన్నాన్న’, ‘చిన్నమ్మ’ అని రాసి ఇచ్చాను. కూర్చున్న రోజే గొడవ. ఆ పిల్ల మేనత్త కొడుకు లేచి, ‘మా అమ్మ పేరే లేదేంది ఇందులో’ అన్నాడట. మర్నాడు నలుగురు షాపుకొచ్చి నన్ను తిట్టి, ఇచ్చిన డబ్బులు వెనక్కి తీసుకుని పోయారు. డబ్బులు పోతే పోయాయి, మళ్లీ ఇలా జరగకూడదు. అంకుల్, ఆంటీ అని ఉన్నప్పుడు మీరైతే ఏం రాస్తారు?

ఎడమకాలువ (మిర్యాలగూడ)

దీనికింత టెన్షన్ ఎందుకు తమ్ముడూ. నాన్న వైపు అయితే చిన్నాన్న, పెద్దనాన్న. అమ్మ వైపు అయితే మామ. ఆంటీ కూడా అంతే, నాన్న వైపు అత్త, అమ్మ వైపు చిన్నమ్మ, పెద్దమ్మ. ఏ వైపో ఒక్కటి అడిగితే అయిపాయె.

ముప్పైరెండేళ్లోడు

అన్నా కరెక్ట్ టాపిక్ తీశావు. నాకు ముప్పై రెండేళ్లు. మొన్న భువనగిరి బస్సులో డిగ్రీ చదివే పిల్ల ‘అంకుల్ కొంచెం జరగండి’ అంది. అన్న అనొచ్చు కదా? ఈ పదాన్ని బ్యాన్ చేయాలి.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

@ముప్పైరెండేళ్లోడు ఇక్కడ భూమి పంచాయితీ నడుస్తోంది. నీ జుట్టు సంగతి వేరే థ్రెడ్‌లో చూద్దాం.

దేవరకొండ_టీచరమ్మ

ఎడమకాలువ గారూ, మీరు చెప్పింది సగం వరకే నిలబడుతుంది. మీ మేనత్త మొగుడిని మీరేమంటారు? మామ అనే కదా. ఆయన నాన్న వైపు మనిషి. మీ అమ్మ చెల్లెలి మొగుడు అమ్మ వైపు. ఆయనను మామ అంటే మీ చిన్నమ్మ ఊరుకుంటుందా? ఆయన చిన్నాన్నే. మా వైపు కొందరు చిన్నాయిన అంటారు, కొందరు కాక అంటారు. పిలుపు మారినా వరుస మారదు. కాబట్టి ఏ వైపు అని ఒక్కటే అడిగితే సగం మంది తప్పు గూట్లో పడతారు.

నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. పిల్లలకు ఇలా చెప్పేదాన్ని. అంకుల్, ఆంటీ జంటగా ఉంటే ముందు ఆ ఇద్దరిలో మీ తాత కన్నబిడ్డ ఎవరో పట్టుకోండి. ఒకరు ఆ ఇంట్లో పుట్టినవాళ్లు, ఇంకొకరు పెళ్లితో వచ్చినవాళ్లు. పుట్టిన మనిషి దొరికాక, ఆ మనిషి మీ అమ్మతో పుట్టారా, నాన్నతో పుట్టారా చూడండి. నాన్నతో పుట్టిన మగవాడు, అమ్మతో పుట్టిన ఆడమనిషి అయితే పెద్దనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ వరుస. నాన్నతో పుట్టిన ఆడమనిషి, అమ్మతో పుట్టిన మగవాడు అయితే అత్తామామల వరుస. పెళ్లితో వచ్చిన మనిషి ఆ పుట్టిన మనిషి వెంట నడుస్తారు, అంతే.

పెద్దా చిన్నా అన్నది మొదటి రకానికే కావాలి. అదీ పుట్టిన మనిషి వయసుతో చూడాలి. మా పెద్దమ్మ భర్త మా నాన్న కన్నా రెండేళ్లు చిన్న. అయినా పెద్దనాన్నే, ఎందుకంటే పెద్దమ్మ మా అమ్మకు అక్క. మేనమామ అమ్మకు అన్నయినా తమ్ముడైనా మామే.

ఒక సరదా సంగతి. అంకుల్ అనే మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో ఆ మూలపదానికి అర్థం అమ్మ అన్నదమ్ముడు, అంటే మన మేనమామ మాత్రమే. నాన్న అన్నదమ్ముడికి వేరే మాట ఉండేది. ఆంట్ కూడా మొదట మేనత్తే. వాళ్లకూ ఒకప్పుడు మనలాగే లెక్క ఉండేది, మెల్లగా కలిపేసుకున్నారు.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

టీచరమ్మా, మా చిన్నమ్మ మొగుడిని నేను చిన్నాన్న అనే పిలుస్తాను. నిన్నటిదాకా ఆలోచించనేలేదు. ఒప్పుకుంటున్నా. మరి ఈ తమ్ముడి లెటర్‌లో ఆంటీ ఎవరు?

జడ్చర్ల_దస్తావేజు

నేను పాతికేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఆంటీ ఎవరన్నది వాటాలు చూస్తే సగం తెలిసిపోతుంది.

3 ఎకరాల 30 గుంటలంటే ఎకరానికి 40 చొప్పున 150 గుంటలు. మూడు సమాన వాటాలైతే ఒక్కొక్కటి 50 గుంటలు, అంటే ఎకరం 10 గుంటలు. తాతకు ముగ్గురు పిల్లలు అనుకోండి: ఈ అమ్మాయి నాన్న, ఆయన తమ్ముడు, ఒక చెల్లెలు. లెక్క అతికినట్టు సరిపోతుంది. ఆంటీ అంటే ఆ చెల్లెలు, అంటే మేనత్త.

నువ్వు చిన్నమ్మ అని రాశావు. చిన్నమ్మ అంటే ఆ చిన్నాన్న భార్య. అప్పుడు ఆ ఒక్క ఇంటికి రెండు వాటాలు వెళ్తాయి, 100 గుంటలు, రెండున్నర ఎకరాలు. మేనత్తకు సున్నా. ఒక్క పదం ఎకరం పది గుంటలు అటు నుంచి ఇటు మోసింది. ఆమె కొడుకు లేవడంలో వింతేముంది?

భూమి స్వార్జితమా, పిత్రార్జితమా, ఎవరికెంత రావాలి అనేది ఇక్కడ తేల్చే విషయం కాదు. నేను అడిగేది వేరే. రాసే ముందు ఆంటీ అంటే ఎవరని నువ్వు ఎవరినైనా అడిగావా? అడిగితే ఎవరిని?

గడియారంసెంటర్ (నల్గొండ)

అన్నా, అడిగాను. అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈమెయిల్ తెచ్చిన పెద్దాయననే అడిగాను. ‘అంకుల్ అంటే మీరేనా’ అంటే ‘నేనే’ అన్నాడు. ‘మరి ఆంటీ?’ అంటే ‘మా ఇంటామె’ అన్నాడు. నేను రాసేశాను.

జడ్చర్ల_దస్తావేజు

చూశావా. అడగడం మంచిదే, కానీ భూమిలో వాటా ఉన్న మనిషినే అడిగావు. ఆయన మోసం చేశాడని నేననను. ఆ పిల్ల ఆయన భార్యను ఫోన్‌లో ఆంటీ అనే పిలుస్తుందేమో, అందుకే అలా చెప్పి ఉండొచ్చు. కానీ రాసిన మనిషి మనసులో ఎవరున్నారో రాసిన మనిషే చెప్పాలి, తెచ్చిన మనిషి కాదు.

పైగా నీ ప్రశ్నలోనే జవాబు పెట్టావు. ‘మీరేనా’ అంటే ఎవరైనా అవునంటారు. ‘ఆంటీ పేరేంటి, మీ నాన్నకు ఏమవుతుంది’ అని అడిగితే అవును అని తప్పించుకోలేరు, పేరు చెప్పాల్సిందే.

ఇంకొకటి. తెలుగు పదం రాసేస్తే పని అయిపోయిందని అనుకోవద్దు. చిన్నాన్న అంటే నాన్న సొంత తమ్ముడు కావచ్చు, నాన్న పెద్దనాన్న కొడుకు, అంటే పాలి చిన్నాన్న కావచ్చు, చిన్నమ్మ మొగుడు కావచ్చు. ముగ్గురికీ ఒకటే పిలుపు. వాటా దగ్గర ముగ్గురూ ఒకటి కారు. అందుకే నేను కాగితంలో చిన్నాన్న అని ఎప్పుడూ రాయను. ‘నా తండ్రికి తోడబుట్టిన తమ్ముడు’ అని రాసి పేరు, తండ్రి పేరు, ఊరు పెడతాను. మామ అయితే ఇంకా కష్టం, మేనమామ, మేనత్త భర్త, పిల్లనిచ్చిన మామ ముగ్గురూ మామే.

1956 హిందూ వారసత్వ చట్టం కూడా పిలుపులు చూడదు. మగవాడి ఆస్తికి రెండో తరగతి వారసుల్లో తండ్రి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏడో వరుసలో ఉంటారు, తల్లి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తొమ్మిదో వరుసలో. పెళ్లితో వచ్చిన చిన్నమ్మకూ మేనత్త భర్తకూ ఆ పట్టికలో చోటే లేదు.

పాలమూరు_ఆపా

టీచరమ్మ చెప్పిన చోటే నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను, కాకపోతే వేరే దిక్కు నుంచి. మా ఇంట్లో ఉర్దూ. నాన్న తమ్ముడు చాచా, చిన్నమ్మ భర్త ఖాలూ, మేనమామ మామూ, మేనత్త భర్త ఫుప్పా. నలుగురికీ నాలుగు మాటలు. బడిలో తెలుగు టీచరు ‘ఖాలూ అంటే చిన్నాన్న, చాచా అన్నా చిన్నాన్నే’ అంటే నాకు అర్థమయ్యేది కాదు. తెలుగు కూడా కలిపేస్తుంది కదా అని అప్పుడే అనుకున్నాను.

ఒకసారి మా ఖాలూకు హాస్పిటల్‌లో ఆపరేషన్. ఫారం తెలుగులో ఉంది, నర్సు ‘ఏమవుతారు’ అంది, నేను చిన్నాన్న అన్నాను. ఆమె ‘అయితే మీ ఇంటి పేరూ ఆయన ఇంటి పేరూ ఒకటేనా’ అంటూ మా ఇంటి పేరే రాసింది. తర్వాత బిల్లులో పేరు కలవక రెండు రోజులు తిరిగాం.

దేవరకొండ_టీచరమ్మ

ఆపా గారూ, బాగా పట్టారు. నాలుగు మాటలున్న భాష నుంచి రెండు మాటల భాషకు వచ్చారు. నల్గొండ తమ్ముడు ఒక్క మాట నుంచి రెండు మాటలకు వెళ్లాడు. మీకు పోయింది, అతనికి లేనిది కల్పించాల్సి వచ్చింది. రెండోదే ప్రమాదం.

వనపర్తి_అల్లుడు

మా ఇంటి కథ చెప్తాను. మా బామ్మర్ది పెళ్లికి ఆరు రోజులుంది. పందిరి గుంజలు తెచ్చాం, కార్డులు పంచాం. తెల్లవారుజామున ఫ్యామిలీ గ్రూపులో అమెరికా పిల్లాడి మెసేజ్, ఇంగ్లీషులో. ‘అంకుల్ రాత్రి పోయారు, అందరికీ చెప్పండి.’ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వాడు హాస్పిటల్లో ఉన్నాడట, అది తర్వాత తెలిసింది.

ఆ పిల్లాడు మా మామగారి అన్న కొడుకు. అక్కడ వాడికి అంకుల్స్ ఇద్దరు. ఒకరు మా మామగారి తమ్ముడు, ఇంకొకరు మా మామగారి చెల్లెలి భర్త. ఇద్దరూ డాలస్‌లోనే, ఇద్దరికీ షుగర్. తమ్ముడు అయితే పాలివాళ్లు, మా అత్తగారిళ్లలో పదకొండు రోజులు మైల, పెళ్లి ఆగాలి. చెల్లెలి భర్త అయితే ఆయన ఇంటి పేరు వేరు, మైల వీళ్లకు తగలదు. దుఃఖం దుఃఖమే, కానీ ముహూర్తం నిలుస్తుంది. మా అత్తగారు ముందే చిన్నాన్నే అనుకుని ఏడుపు మొదలుపెట్టింది. మా మామగారు పురోహితుడికి ఫోన్ చేసి పెళ్లి వాయిదా అని చెప్పబోయారు.

నేను ఒక పని చేశాను. గ్రూపులో ఇంకో పిల్ల ఆన్‌లైన్‌లో ఉంటే, ‘అంకుల్ ఎవరు’ అని అడగకుండా, ‘ఇప్పుడు ఆ ఇంట్లో భర్త పోయిన ఆమె ఎవరు, పేరు చెప్పు’ అన్నాను. ఆమె మేనత్త పేరు చెప్పింది. నాలుగు గంటల గొడవ నాలుగు నిమిషాల్లో తేలింది. పెళ్లి ఆగలేదు, కానీ బ్యాండు మేళం మాన్పించాం.

జడ్చర్ల_దస్తావేజు

అల్లుడు గారూ, మీరు పేరు అడిగారు, వరుస అడగలేదు. అదీ పద్ధతి.

డాలస్‌లో_నల్గొండ

నేను కనగల్ నుంచి వచ్చి ఇక్కడ పద్దెనిమిదేళ్లు. మా పిల్లల సంగతి చెప్తే మీకు ఆ పిల్ల లెటర్ అర్థమవుతుంది. ఇక్కడ పిల్లలకు తెలుగు పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీలే. మేం దోస్తులను కూడా అలాగే పిలిపిస్తాం, పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు కదా. దాంతో సొంత చిన్నాన్న, పక్కింటాయన, నాన్న ఆఫీసు దోస్తు అందరూ ఒకే సంచిలో పడతారు.

టీచరమ్మ గారి పద్ధతిలో పిల్లల వరుస కూడా అడగొచ్చు అనుకుంటాం. ‘ఆయన పిల్లలు నీకు అన్నాచెల్లెళ్లా, బావామరదళ్లా’ అని. ఊళ్లో ఇదొక్కటి చాలు. ఇక్కడ పనికిరాదు. మా అమ్మాయిని అడిగితే ‘కజిన్స్’ అంటుంది, మళ్లీ మొదటికే. అందుకని వాళ్లను వాళ్ల తాత ఇంటి నుంచి అడగాలి. ‘గ్రాండ్‌పాకు ఎంతమంది పిల్లలు, పేర్లు చెప్పు’ అంటే టకటకా చెప్తారు. గ్రాండ్‌పా అంటే ఏ తాతో కూడా అడగాలి సుమా, అదీ ఒకే మాట.

గడియారంసెంటర్ (నల్గొండ)

ఆ పిల్ల ఈమెయిల్ నా దగ్గర ఉంది. వాళ్లింటి వాళ్లు ఒప్పుకున్నారు, నన్నే అడగమన్నారు. ఈ రాత్రి రాస్తాను. ఇలా అడుగుదామనుకుంటున్నా: ‘లెటర్‌లో అంకుల్ అంటే మీ నాన్న తమ్ముడా? ఆంటీ అంటే మేనత్తా?’

దేవరకొండ_టీచరమ్మ

మళ్లీ అదే. జవాబు నువ్వే పెట్టావు. పైగా మేనత్త అనే మాట ఆ పిల్లకు తెలుస్తుందా?

నేనైతే ఇలా అడుగుతాను. ముందు మీ నాన్న అమ్మానాన్నలకు పుట్టిన పిల్లలందరి పేర్లు, పెద్ద నుంచి చిన్నకు వరసగా రాయమంటాను. పక్కన వాళ్లకు పెళ్లయిన వాళ్ల పేర్లు. తర్వాత లెటర్‌లో అంకుల్, ఆంటీ ఎక్కడెక్కడ వచ్చాయో నంబర్లు వేస్తాను. మొదటి అంకుల్, ఆ తర్వాత వచ్చిన ఆంటీ, చివరి అంకుల్, అలా. ఒక్కొక్క నంబరు దగ్గర ఎవరి పేరో రాయమంటాను.

అంకుల్ అని ఒకసారి వచ్చిన మనిషే మళ్లీ వచ్చాడని ఎందుకు అనుకున్నావు? ఇంగ్లీషులో ఒకే పదం రెండుసార్లు వస్తే ఒకే మనిషి కావాలని లేదు.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

నాకో డౌటు. మూడో అంకుల్ మేనత్త మొగుడేమో. సాగు చేసేవాడి దగ్గరే పాస్‌బుక్ ఉంటే ‘ఆయనను అడిగి తీసుకోండి’ అని ప్రత్యేకంగా ఎందుకు రాస్తుంది? రెండు ఇళ్ల మధ్య పంచాయితీ అయితే రెండో ఇంటి దగ్గర ఉండాలి. నా లెక్క ప్రకారం అది మామ.

జడ్చర్ల_దస్తావేజు

నాకూ అదే అనిపిస్తోంది. కానీ అనిపించింది రాయొద్దు. అడిగి రాయండి.

సూర్యాపేట_ఆడబిడ్డ

నా సందేహం కూడా తీర్చండి. మాది కుండమార్పిడి. మా అమ్మ తమ్ముడు మా నాన్న చెల్లెలిని చేసుకున్నాడు. అంటే ఆయన నాకు మేనమామ, మేనత్త భర్త, రెండూ. మామే కాబట్టి పిలుపుకు ఇబ్బంది లేదు. మరి మా అక్కను ఆయన కొడుకుకే ఇచ్చారు. ఇప్పుడు ఆయన అక్కకు పిల్లనిచ్చిన మామ కాదు, అత్తింటి మామ. ఎవరైనా ఇంగ్లీషులో ఆయన్ను ‘అంకుల్’ అని రాస్తే, టీచరమ్మ చెప్పినట్టు తాత కన్నబిడ్డ ఎవరు అని అడిగితే, ఒక తాతకు ఆయన, ఇంకో తాతకు ఆమె. ఇద్దరూ పుట్టినవాళ్లే. ఏది రాయాలి?

దేవరకొండ_టీచరమ్మ

అమ్మా, మీ ఇంట్లో నా సూత్రానికి ఇద్దరూ పుట్టినవాళ్లే దొరికారు. ఏ వైపు నుంచి చూసినా మామే వస్తుంది కాబట్టి పిలుపు తప్పదు. కానీ ఏ దారిన అన్నది కాగితం అవసరాన్ని బట్టి ఉంటుంది. దాని సంగతి జడ్చర్ల గారే చెప్పాలి.

జడ్చర్ల_దస్తావేజు

ఏ ఆస్తి గురించో దాన్ని బట్టి దారి రాస్తాను. అమ్మ పుట్టింటి ఆస్తి అయితే తల్లి తమ్ముడు, నాన్న ఇంటి ఆస్తి అయితే ఆయన భార్య పేరు రాయాలి, ఆయనది కాదు. రెండిళ్ల ఆస్తీ కలిసిన కాగితమైతే రెండూ రాస్తాను. మీ అక్క విషయంలో మూడో దారి కూడా ఉంది. అలాంటిది నా చేతికి ఇంతవరకు రాలేదు.

ముప్పైరెండేళ్లోడు

చదువుతుంటే అర్థమైంది, నా గొడవ ఇక్కడిది కాదు. కానీ ఒకటి అడుగుతా. మేనమామను చేసుకోవడం మన దగ్గర ఉంది కదా. ఇంగ్లీషులో అంకుల్‌ను చేసుకుంది అంటే మా ఆఫీసులో ఢిల్లీ వాళ్లు నోరు తెరుస్తారు. ఏం చెప్పాలి?

దేవరకొండ_టీచరమ్మ

బాబూ, అంకుల్ అని చెప్పడమే తప్పు. మన ఆచారం అమ్మ తమ్ముడికి ఉంది. నాన్న తమ్ముడికి లేదు, ఎప్పుడూ లేదు, ఆయన తండ్రి వరుస. అంకుల్ అనగానే ఆ రెండూ కలిసిపోతాయి. 1955 హిందూ వివాహ చట్టం నిషేధించిన వరుసల్లో ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే ఉంది, రెండు రకాలనూ కలిపే రాశారు. ఆచారం ఉన్న చోట మినహాయింపు అని విడిగా పెట్టారు. ఆ మినహాయింపుతోనే మన మేనమామ పెళ్లిళ్లు చెల్లుతున్నాయి. ‘అమ్మ తమ్ముడు’ అని పూర్తిగా చెప్పు.

గడియారంసెంటర్ (నల్గొండ)

జవాబొచ్చింది. టీచరమ్మ చెప్పినట్టే నంబర్లు వేసి పంపాను. వచ్చిన పేర్లు ఇక్కడ పెట్టను, వాళ్ల ఇంటి విషయం. వరుసలు మాత్రం చెప్తాను.

తాతకు ముగ్గురు. పెద్దవాడు ఈ పిల్ల నాన్న, తర్వాత ఒక తమ్ముడు, ఆఖరున ఒక చెల్లెలు. జడ్చర్ల అన్న లెక్క అచ్చంగా అదే. మొదటి అంకుల్, రెండో వాక్యంలో వాటా దగ్గర ఉన్న అంకుల్, ఇద్దరూ నాన్న తమ్ముడే. ఆంటీ అంటే నాన్న చెల్లెలు, మేనత్త. ‘చిన్నాన్న భార్యను ఏమంటావు’ అని కూడా అడిగాను. ఆమెను కూడా ఆంటీ అనే అంటుందట, కాబట్టి తెచ్చిన పెద్దాయన అబద్ధం చెప్పాడో, నిజంగా అలాగే అనుకున్నాడో తెలియదు. ఊళ్లో దాని మీద రెండు జట్లు అయ్యాయి.

అసలు విషయం ఇంకా ఉంది. పాస్‌బుక్ ఉన్న అంకుల్ దగ్గర మనందరం మామ అనుకున్నాం కదా. ఆయన ఈ ఇంటి మనిషే కాదు. నాన్న దోస్తు, హాలియాలో ఉంటాడు. నాన్న ఆఖరిసారి ఇండియా వచ్చినప్పుడు కాగితాలన్నీ ఆయనకు ఇచ్చి వెళ్లాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ చిన్నాన్న ఇంట్లో బీరువాలు వెతికారు, ఆయన దాచాడని అనుమానించారు.

ఎడమకాలువ (మిర్యాలగూడ)

అరె! మామ అని నేను రాసిచ్చి ఉంటే మేనత్త మొగుడి బీరువా కూడా వెతికేవాళ్లు.

జడ్చర్ల_దస్తావేజు

ఇప్పుడు ఆ పిల్లకు నీ తెలుగు మళ్లీ వినిపించు. తెలుగు చదవడం రాదు కాబట్టి వాయిస్ మెసేజ్ పెట్టు. ‘నాన్న తోడబుట్టిన తమ్ముడు, పేరు ఇది’ అని ప్రతి వాక్యం. ఆమె సరే అన్నాక దాన్నే కాగితం మీద రాయి. పాస్‌బుక్ వాక్యంలో మాత్రం అంకుల్ అనే మాట పూర్తిగా తీసెయ్. ‘నాన్న స్నేహితుడు, హాలియా’ అని రాసి పేరు పెట్టు.

గడియారంసెంటర్ (నల్గొండ)

పెట్టాను. రెండో వాక్యం దగ్గర ఆపి, ‘ఆంటీకి వాటా అన్నాను, అది ఆంటీకే, ఆంటీ భర్తకు కాదు’ అని ఆమే చెప్పింది. అది నాకు తట్టలేదు. ఇప్పుడు ఇలా ఉంది: ‘నా తండ్రికి తోడబుట్టిన చెల్లెలికి, ఆమె స్వంతంగా.’ పండుగ తర్వాత మళ్లీ కూర్చుంటారట. ఈసారి నన్నే వచ్చి చదవమన్నారు, బండి పెట్రోలు వాళ్లే ఇస్తారట.

పాలమూరు_ఆపా

హాలియా ఆయన పాస్‌బుక్ ఇచ్చాడా?

గడియారంసెంటర్ (నల్గొండ)

ఫోన్ చేశారు ఆపా. ‘ఆ పిల్ల నన్ను అడగమందా? అయితే ఆమెతోనే చెప్పించండి’ అన్నాడట. ఆయనా కన్ఫర్మ్ చేసుకుంటున్నాడు.